చిరంజీవి స్రవంతికి: రైలు ఆలస్యమైతే డబ్బు ఎలా అడగాలి

చిరంజీవి స్రవంతికి పిన్ని ఆశీస్సులు.

కేంబ్రిడ్జ్‌లో గది తీసుకున్నావనీ, ప్రతి శుక్రవారం సాయంత్రం యార్క్ వెళ్లి ఆదివారం రాత్రి తిరిగి వస్తావనీ అక్క ఫోనులో చెప్పింది. సంతోషించాను. వెంటనే భయం కూడా వేసింది. మధ్యలో పీటర్‌బరోలో రైలు మారాలి, చలికాలంలో నాలుగు గంటలకే చీకటి పడుతుంది, నువ్వేమో ఒంటరిగా తిరుగుతావు. ఆ భయాన్ని కాసేపు పక్కన పెట్టి, ముందు నీ డబ్బు సంగతి చెబుతాను. ఇక్కడ రైలు ఆలస్యమైతే కంపెనీ నీకు బాకీ పడుతుంది. అడగనివాళ్లకు ఆ బాకీ తీర్చరు. మనవాళ్లలో సగం మంది అడగరు.

డిలే రీపే అనే పద్ధతి ఇంగ్లండులో చాలా కంపెనీల్లో పదిహేను నిమిషాల దగ్గర మొదలవుతుంది. స్కాట్లండులో స్కాట్‌రైల్ ముప్పై నిమిషాలు దాటితేనే ఇస్తుంది. 15 నుంచి 29 నిమిషాల ఆలస్యానికి ఒకవైపు టికెట్టు ధరలో నాలుగో వంతు, 30 నుంచి 59 అయితే సగం, గంట దాటితే మొత్తం వస్తుంది. రానుపోను టికెట్టు కొంటే దాని ధరలో సగాన్ని ఒకవైపు ధరగా లెక్కేస్తారు. రెండు గంటలు దాటితే మాత్రం రెండు వైపులదీ కలిపి మొత్తం వెనక్కి ఇస్తారు. కారణంతో పని లేదు. మంచు కురిసినా, సిగ్నల్ పాడైనా, పట్టాల మీద చెట్టు పడినా నీ వాటా నీదే. మన దేశంలో రైలు మూడు గంటలకు పైగా ఆలస్యమై, నువ్వు ఎక్కకుండా ఉండిపోతేనే టికెట్టు డబ్బు పూర్తిగా తిరిగి వస్తుంది. ఎక్కి ప్రయాణం చేసినవాడికి తెనాలి ప్లాట్‌ఫారం మీద తాగిన టీల ఖర్చు కూడా రాదు. తాతయ్య బ్రతికి ఉండి ఈ పద్ధతి గురించి వింటే, ముందు నమ్మేవాడు కాదు, నమ్మాక అన్ని టికెట్లూ దాచిపెట్టేవాడు.

ఇక్కడ ముఖ్యమైన మాట ఒకటి. ఆలస్యం అంటే నువ్వు ఎక్కిన రైలు ఆలస్యం కాదు, నువ్వు గమ్యానికి చేరడంలో జరిగిన ఆలస్యం. పీటర్‌బరోలో రైలు మారేదానివి కనుక ఇది నీకు అందరికంటే ఎక్కువ పనికొస్తుంది.

ఒక లెక్క చూడు. టైములు నేను అనుకున్నవే. శుక్రవారం సాయంత్రం అయిదింటికి కేంబ్రిడ్జ్‌లో క్రాస్‌కంట్రీ అనే కంపెనీ రైలు ఎక్కావు. 5:50కి పీటర్‌బరో చేరాలి, 6:01కి ఎల్‌ఎన్‌ఈఆర్ అనే ఇంకో కంపెనీ రైలు పట్టుకుని 7:15కి యార్క్‌లో దిగాలి. దారిలో ఎక్కడో ఆగి మొదటి రైలు పదమూడు నిమిషాలు ఆలస్యంగా, 6:03కి వచ్చింది. నువ్వు వంతెన మెట్లెక్కేసరికి యార్క్ రైలు వెళ్లిపోయింది. తర్వాతిది 6:34కి ఎక్కి 7:48కి దిగావు. మొదటి రైలు ఆలస్యం పదమూడు నిమిషాలే, విడిగా చూస్తే పైసా రాదు. రెండో రైలు సరిగ్గా టైముకే నడిచింది. కానీ నువ్వు గమ్యం చేరింది ముప్పైమూడు నిమిషాలు ఆలస్యంగా. ఒకవైపు టికెట్టు నలభై పౌండ్లయితే నీకు ఇరవై పౌండ్లు రావాలి. అడగాల్సింది క్రాస్‌కంట్రీని, ఎందుకంటే నీ ప్రయాణాన్ని మొదట చెడగొట్టింది ఆ రైలు. డబ్బు లెక్క కేంబ్రిడ్జ్ నుంచి పీటర్‌బరో దాకా ఉన్న ముక్క మీద కాదు, కేంబ్రిడ్జ్ నుంచి యార్క్ దాకా టికెట్టు మొత్తం మీద.

మీ బాబాయి సరిగ్గా ఇక్కడే పడ్డాడు. చాలా ఏళ్ల కిందటి మాట. అప్పట్లో మేమిద్దరం లెస్టర్‌లో కొత్త కాపురం. స్నేహితుడి గృహప్రవేశానికి ఈయన ఒక్కడే బయలుదేరాడు, మధ్యలో రైలు మారాలి. మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పింది. ఇల్లు చేరేసరికి పూజ అయిపోయి, భోజనాలు కూడా ముగింపుకొచ్చాయి. కోపంతో తిరిగొచ్చి ఆ రాత్రే ఫారం నింపాడు, నేను పక్కన కూర్చుని చూశాను. రెండో రైలు కంపెనీ పేరు రాశాడు. ‘నేను దిగింది వాళ్ల రైల్లోంచే కదా’ అన్నాడు. ఆ రాతలో లోటేమీ లేదు, వరసన అన్ని వివరాలూ పెట్టాడు, కవరులో పెట్టి పోస్టు చేశాడు.

ఆ తర్వాత మూడు వారాలు దాటి జవాబొచ్చింది. ‘మా రైలు సరైన సమయానికే నడిచింది, క్షమించండి’ అని. ఈయన మరింత మండిపడి ఇంకో ఉత్తరం రాశాడు. దానికీ అదే జవాబు. అప్పటికి గానీ, పక్కింటి ఇంగ్లీషు పెద్దాయన చెబితే గానీ తెలియలేదు, అడగాల్సింది మొదటి కంపెనీని అని. అక్కడికి పంపేసరికి ప్రయాణం జరిగి నెల దాటింది. గడువు ఇరవై ఎనిమిది రోజులు. ఆ ఒక్క కారణంతో కొట్టేశారు. నిజం ఈయన వైపే ఉంది, డబ్బు మాత్రం రాలేదు.

దీన్ని ఇంత పొడుగ్గా ఎందుకు చెబుతున్నానంటే, చిక్కు రోజుల లెక్కలోనే ఉంది. జవాబివ్వడానికి కంపెనీకి ఇరవై పనిదినాల వ్యవధి ఉంది. అంటే సుమారు నాలుగు వారాలు. నీ గడువు కూడా నాలుగు వారాలే. తప్పు చోట అడిగి జవాబు కోసం ఎదురుచూస్తే, ఆ జవాబు వచ్చేసరికి నీ గడువు తీరిపోతుంది. అందుకని ప్రయాణమైన మర్నాడే అడుగు. పొరపాటున తప్పు కంపెనీకి పంపావని తెలిస్తే, వాళ్ల తిరస్కారం వచ్చేదాకా ఆగకుండా ఆ పూటే సరైన కంపెనీకి పంపు. మీ బాబాయికి ఈ ఉత్తరం చూపించను, నువ్వూ చెప్పకు.

ఇక రుజువులు. టికెట్టు ఫోనులో ఉంటే దాని చిత్రం, బుకింగ్ నంబరు చాలు. కాగితం టికెట్టయితే మాత్రం జాగ్రత్త. యార్క్‌లో ఒకవేళ గేట్లు లేకపోయినా, గేట్లున్న స్టేషన్లలో ప్రయాణం అయిపోయిన టికెట్టును యంత్రం మింగేసి తిరిగి ఇవ్వదు. అందుకని దిగకముందే ముందూ వెనుకా ఫోటో తీసుకో, లేదా ఆలస్యమైన రోజున గేటు దగ్గర ఉద్యోగికి టికెట్టు కావాలని చెప్పి పక్క గేటు తెరిపించుకో. కొన్న రసీదు ఒక్కటే సరిపోదు, టికెట్టు కనబడాలి. ప్రయాణాన్ని రెండు మూడు టికెట్లుగా విడగొట్టి చౌకగా కొనే అలవాటు నీకూ వస్తుంది, అది తప్పు కాదు. అప్పుడు మాత్రం ప్రతి టికెట్టు ఫోటో జతచెయ్యి, ఒకే ప్రయాణమని రాయి.

దానికంటే ముఖ్యమైంది బుక్ చేసేటప్పుడు ఆ ప్రయాణం వివరాలున్న తెరను స్క్రీన్‌షాట్ తీసి భద్రపరచడం. ఏ రైలు నుంచి ఏ రైలుకు మారాలో అందులో ఉంటుంది. ప్రతి స్టేషనులోనూ రైలు మారడానికి కనీసం ఇన్ని నిమిషాలు ఉండాలని ఒక లెక్క ఉంది. టికెట్టు వెబ్‌సైటు ఆ లెక్క ప్రకారమే రైళ్లను కలుపుతుంది. నువ్వు పరుగెత్తితే అందుతుందిలే అని నాలుగు నిమిషాల వ్యవధిలో రైలు మారాలనుకుని, అది తప్పితే ఆ ఆలస్యం నీదవుతుంది. ఆ పరుగులు నాకు ఇష్టం లేదు కూడా, తడిసిన మెట్ల మీద జారితే ఎవరు చూస్తారు?

ఇంజనీరింగు పనులో సమ్మెలో ఉండి ముందురోజే టైము మార్చి ప్రకటిస్తే, ఆలస్యాన్ని ఆ మారిన టైముతోనే లెక్కిస్తారు. సాధారణంగా ముందురోజు రాత్రి పది గంటలకల్లా ఆ పట్టిక ఖరారవుతుంది. ఆదివారాలు ఇలాంటివి ఎక్కువ, శనివారం రాత్రే ఒకసారి చూసుకో. అసలు రైలు ఎంత ఆలస్యంగా వచ్చిందో తర్వాత వెతకాలంటే realtimetrains.co.uk లో ఒక్కో స్టేషనుకూ నిమిషాలతో సహా ఉంటుంది. వారం దాటకముందే చూసి తెరను భద్రపరుచుకో.

రైలు రద్దయిందని తెలిసి ప్రయాణమే మానుకుంటే అది వేరే సంగతి, టికెట్టు కొన్నచోట వాపసు అడగాలి. ఫారంలో డబ్బు ఎలా కావాలని అడిగితే వోచరు కాదు, బ్యాంకు ఖాతాకని రాయి. సరైన దాన్ని కాదంటే మళ్లీ అడుగు, చివరికీ ఒప్పుకోకపోతే ఇలాంటి తగువులు తీర్చడానికి రైల్ అంబుడ్స్‌మన్ అనే సంస్థ ఉంది. 2018 నవంబరు నుంచి నడుస్తోంది, ఒక్క పెన్నీ ఖర్చు లేదు.

ఇది మాత్రం కోపంగానే చెబుతున్నాను. ఎక్కని రైలుకు, రాని ఆలస్యానికి ఎప్పుడూ అడగకు. ‘మా ఫ్రెండు అడిగాడు, వచ్చేసింది’ అనేవాళ్లు నీకు దొరుకుతారు. వాళ్లు రైలు కంపెనీలను తెలివితక్కువ వాళ్లనుకుంటారు. ఒకే మనిషి పదేపదే అడిగితే వాళ్లు గమనిస్తారు, ఫోను టికెట్టును ఎక్కడ స్కాన్ చేశారో వాళ్ల దగ్గర ఉంటుంది. ఇది మోసం కేసు అవుతుంది, వీసా మీద ఉన్నదానివి. నువ్వు పది పౌండ్ల కోసం అలాంటి పని చెయ్యవని తెలుసు, అయినా చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ఇప్పుడు నా అసలు భయం. ఆదివారం రాత్రి తిరిగి వచ్చేటప్పుడు, పీటర్‌బరోలో కేంబ్రిడ్జ్ వెళ్లే చివరి రైలు తప్పిందనుకో. నీ డబ్బుతో టాక్సీ పిలిచేయకు, ఒక మూల బెంచీ మీద కూర్చోకు. రైలు ఆలస్యం వల్ల చివరి కనెక్షన్ తప్పితే, నిన్ను గమ్యానికి చేర్చాల్సిన బాధ్యత రైలు కంపెనీలది, వేరే వాహనమో, తప్పనిసరైతే రాత్రికి గదో ఏర్పాటు చెయ్యాలి. దీన్ని ప్రయాణ నిబంధనల్లోనే రాశారు. రైల్లో ఉండగానే గార్డుకు చెప్పు, దిగగానే ఉద్యోగిని వెతుకు, ఎవరూ లేకపోతే ప్లాట్‌ఫారం మీద హెల్ప్ పాయింట్ మీట నొక్కి మాట్లాడు. ముందే అడగకుండా నువ్వే టాక్సీ ఎక్కితే తర్వాత ఆ ఖర్చు రాబట్టుకోవడం కష్టం. వాళ్లు చేర్చినా సరే, ఎన్నింటికి చేరావో చూసి డిలే రీపే కూడా అడుగు, గంట దాటితే ఆ వైపు టికెట్టు మొత్తం నీదే.

ఏ గంటకైనా నాకు ఫోను చెయ్యి. లెస్టర్ నుంచి పీటర్‌బరోకు కారులో గంటకు పైనే పడుతుంది, అయినా వస్తాను. బాబాయి గొణుగుతాడు, వస్తాడు.

మీ పిన్ని