కాల్‌లో ఓపెన్ ఇంట్రెస్ట్ ఎక్కువుంటే అంతా కొంటున్నట్టేనా?

"భీమవరం దగ్గర మాకు రెండు రొయ్యల చెరువులు ఉన్నాయండి. మొన్న పట్టుబడి డబ్బులు వచ్చాయి. నిఫ్టీ 25,000 కాల్‌లో ఓపెన్ ఇంట్రెస్ట్ అన్నిటికంటే ఎక్కువగా ఉంది, వాల్యూమ్ కూడా బాగా ఉంది. పెద్దవాళ్లంతా కొంటున్నారని మా బావమరిది అంటున్నాడు. రెండు లక్షలు పెట్టి కొనొచ్చా?"

ఆ రెండు అంకెలు చూసి మాత్రం కొనకండి. అవి చెప్పేది వేరు. 25,000 కాల్ కొనడమంటే, గడువు నాటికి నిఫ్టీ 25,000 పైన ఎంత ఉంటే ఆ తేడా తీసుకునే హక్కు కొనడం.

ఒక కాల్‌లో ఇంకా ఎవరూ లావాదేవీ చేయలేదనుకోండి. పొద్దున భీమవరంలో ఒకాయన 10 లాట్లు కొన్నారు, అమ్మింది పాలకొల్లు ఆయన. ఇద్దరికీ అది కొత్త పొజిషనే. వాల్యూమ్ 10, ఓపెన్ ఇంట్రెస్ట్ 10. మధ్యాహ్నం భీమవరం ఆయన తన 10 లాట్లను తణుకులో ఇంకొకాయనకు అమ్మి బయటికి వచ్చేశారు. వాల్యూమ్ 20 అయింది, ఓపెన్ ఇంట్రెస్ట్ మాత్రం 10 దగ్గరే ఉంది, ఎందుకంటే మనిషి మారాడంతే. సాయంత్రం తణుకు ఆయన అమ్మితే, పాలకొల్లు ఆయనే కొని తన అమ్మకాన్ని మూసేసుకున్నారు. వాల్యూమ్ 30. ఓపెన్ ఇంట్రెస్ట్ సున్నా.

అంటే వాల్యూమ్ ఆ రోజు ఎన్ని లాట్లు చేతులు మారాయో చెబుతుంది, మర్నాడు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఓపెన్ ఇంట్రెస్ట్ ఇంకా మూసేయకుండా మిగిలినవాటి లెక్క, అది మర్నాటికి సాగుతుంది. కాబట్టి వాల్యూమ్ భారీగా ఉన్నంత మాత్రాన కొత్త డబ్బు వచ్చి నిలబడిందని కాదు. ఈ అంకెలన్నీ చూపే ఆప్షన్ చైన్ పట్టికలో VOLUME పక్కనే CHNG IN OI, అంటే ఓపెన్ ఇంట్రెస్ట్‌లో వచ్చిన మార్పు, కూడా చూడండి. మొదటిది పెద్దదై రెండోది చిన్నదైతే, ఎక్కువ భాగం అదే రోజు కొని అమ్మేసిన వ్యవహారమో, పాత పొజిషన్లు చేతులు మారడమో అయ్యుండాలి.

ఇక మీ బావమరిదిగారి మాట. తెరిచి ఉన్న ప్రతి లాటుకీ కొన్నవారు ఒకరుంటే అమ్మినవారు ఒకరుంటారు. "పెద్దవాళ్లు కొంటున్నారు" అంటే, అంతే లెక్కలో అమ్మినవాళ్లూ ఉన్నట్టే కదా! వాళ్లలో ఎవరు పెద్దవాళ్లో ఈ అంకె చెప్పదు. కొందరు దీన్నే తిరగేసి, అమ్మినవాళ్లే తెలివైనవాళ్లు, నిఫ్టీ 25,000 దాటదు అంటారు. అదీ ఊహే. నిఫ్టీ పెరిగితే లాభమిచ్చే ఫ్యూచర్ తన దగ్గరుంచుకుని, దానికి తోడుగా కాల్ అమ్మినవారికి నిఫ్టీ పడాలనే కోరిక ఉండదు. పైగా 25,000 లాంటి గుండ్రని అంకెల దగ్గర లావాదేవీలు మామూలుగానే ఎక్కువ.

ఈ రెండు అంకెలూ నిజంగా పనికొచ్చేది ఒకదానికి: కొన్నది సులువుగా అమ్ముకోగలమా అని చూసుకోవడానికి. దానికైనా కొనుగోలు ధరకూ అమ్మకం ధరకూ మధ్య తేడా చూస్తే ఇంకా సూటిగా తెలుస్తుంది.

ఆ కాల్‌ను అమ్మకుండా ఉంచుకుంటే, గడువు ముగిసే రోజు, అంటే ఎక్స్‌పైరీ నాటికి నిఫ్టీ 25,000 దాటకపోతే మీ రెండు లక్షలూ పూర్తిగా పోతాయి. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ, అంటే ఫ్యూచర్లు, ఆప్షన్ల ట్రేడింగ్ చేసిన మామూలు ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని సెబీ లెక్క తేల్చింది. మేత బాకీ ఉంటే ముందు అది తీర్చండి. వచ్చే పంటకు సీడు, మేత, కరెంటు బిల్లులకు కావలసింది, అవసరమైనప్పుడు తీసుకోగలిగే స్వీప్ ఎఫ్‌డీలో పెట్టండి.