డివిడెండ్ వారెంటుకు అంటుకుని వచ్చే చీటీని పారేయకండి

ప్రశ్న: నా షేర్ల మీద డివిడెండ్ వచ్చింది. కంపెనీ అందులో కొంత పన్ను పట్టుకుని మిగతాది ఖాతాలో వేసింది. రిటర్నులో ఎంత చూపించాలి? పట్టుకున్న పన్ను నాకు తిరిగి వస్తుందా?

ఖాతాలో పడింది కాదు, కోతకు ముందున్న మొత్తం చూపించాలి. కంపెనీ పట్టుకున్నది కూడా మీ ఆదాయమే, కాకపోతే మీ చేతికి రాకుండా నేరుగా ప్రభుత్వానికి వెళ్లింది. కంపెనీ మామూలుగా కోసే పది శాతంతో లెక్క ముగిసిపోదు. మీరు ముప్ఫై శాతం శ్లాబులో ఉంటే మిగతాది మీరే కట్టాలి, అసలు పన్ను పడని ఆదాయమైతే మొత్తం వెనక్కి వస్తుంది. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. ఎవరూ చెప్పనిది ఒకటుంది: పట్టుకున్న పన్ను మీ పాన్ మీద జమ కాకపోతే దాన్ని మీరు రిటర్నులో రాసినా రాయనట్టే. ఇది నేను మా అమ్మ 1,800 రూపాయల కోసం ఎనిమిది నెలలు తిరిగి నేర్చుకున్నాను.

అమ్మ దగ్గర ఒక కంపెనీ షేర్లు 450 ఉన్నాయి. ఎప్పుడో పబ్లిక్ ఇష్యూలో నాన్న ఆమె పేరు మీద కొన్నారు. ఇంకా కాగితం సర్టిఫికెట్లే, డీమ్యాట్ చేయించలేదు. ఏటా పోస్టులో చెక్కులాంటి డివిడెండ్ వారెంటు వచ్చేది, ఆమె బ్యాంకుకు వెళ్లి వేసి వచ్చేది. 2020 ఏప్రిల్‌కు ముందు డివిడెండ్ మీద పన్ను కంపెనీయే కట్టేది, మామూలు వాటాదారుకు ఏ తలనొప్పీ ఉండేది కాదు. అమ్మ దృష్టిలో ఆ తర్వాత కూడా డివిడెండ్ అంటే పన్ను లేని డబ్బే. ఒకటి రెండేళ్లు కంపెనీ కొద్దిగానే ప్రకటించింది. అప్పట్లో ఏడాదికి 5,000 దాటకపోతే కోత లేదు కాబట్టి ఆమెకు తేడా తెలియలేదు. (2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి 10,000 అయింది.)

2022 సెప్టెంబరులో షేరుకు 20 రూపాయలు ఇచ్చారు. 450 షేర్లకు 9,000 రావాలి. వారెంటు మీద 7,200 ఉంది.

“ఏరా, వీళ్లు లెక్క తప్పారా?” అని ఫోను చేసింది. వారెంటుకు పక్కనే అంటుకుని ఉండే చీటీ చదివి వినిపించమన్నాను. మొత్తం 9,000, పట్టుకున్న పన్ను 1,800, నికరం 7,200. పది శాతమైతే 900 కదా, ఇరవై ఎందుకు కోశారని అప్పుడే అడగాల్సింది. అడగలేదు. జూలైలో రిటర్ను వేస్తే వచ్చేస్తుందిలే అనుకున్నాను. అమ్మకు కుటుంబ పింఛను నెలకు 15,000, ఫిక్స్‌డ్ డిపాజిట్ల మీద వడ్డీ ఏడాదికి 40,000. డివిడెండ్ కలిపినా ఆదాయం 2,29,000. అరవై దాటిన మనిషికి పాత విధానంలో మూడు లక్షల వరకు పన్ను లేదు. కాబట్టి 1,800 మొత్తం ఆమెకే రావాలి.

2023 జూన్‌లో ఆదాయపు పన్ను పోర్టల్‌లో అమ్మ 26ఏఎస్ తెరిచాను. మన పాన్ మీద ఎవరెవరు ఎంత పన్ను పట్టి ప్రభుత్వానికి కట్టారో చూపించే పత్రం అది. అందులో ఈ కంపెనీ పేరే లేదు. సెప్టెంబరులో పట్టుకున్న పన్నుకు కంపెనీ త్రైమాసిక రిటర్ను 26క్యూ ఆ ఏడాదే వేసేసి ఉండాలి, అంటే ఆలస్యం అనుకోవడానికీ లేదు.

కారణం ఇరవై శాతంలోనే ఉంది. నాన్న షేర్లు కొన్న రోజుల్లో దరఖాస్తులో పాన్ అడగలేదు, ఆ తర్వాత ఎవరూ ఇవ్వలేదు. పాన్ లేని ఫోలియోకు, అంటే కంపెనీ దగ్గరుండే షేర్ల ఖాతాకు, పది బదులు ఇరవై శాతం కోయాలని అప్పటి చట్టమే చెప్పింది, సెక్షన్ 206ఏఏ. కంపెనీ చేసింది తప్పు కాదు. కానీ పాన్ తెలియనప్పుడు 26క్యూలో ఆ గడిలో PANNOTAVBL అని రాసి పంపుతారు. డబ్బు ఖజానాకు చేరింది, ఎవరి పేరునా జమ కాలేదు. పాన్ లేకపోతే పన్ను కోసినట్టు ఇచ్చే ధ్రువపత్రం, ఫారం 16ఏ, కూడా తయారు కాదు. చేతిలో మిగిలిన ఆధారం ఆ చీటీ ఒక్కటే. బ్యాంకు వారెంటును ఉంచుకుంటుంది, చీటీ మనకే వదిలేస్తుంది. అదృష్టం ఏమిటంటే అమ్మ కరెంటు బిల్లుల కట్టలో అది కూడా దాచింది.

నేను చేసిన రెండో తప్పు ఇక్కడే. చీటీ ఉంది కదా అని రిటర్నులో 9,000 ఆదాయం చూపించి, పన్ను కోసే సంస్థలకు ఉండే ట్యాన్ నంబరు ఈ కంపెనీది పోర్టల్‌లోనే వెతికి పట్టుకుని, 1,800 క్రెడిట్ కోరాను. సెప్టెంబరులో ఆదాయపు పన్ను శాఖ నుంచి ఇంటిమేషన్ వచ్చింది. అందులో రెండు వరుసలు పక్కపక్కన ఉంటాయి, మనం రాసింది ఒకటి, వాళ్లు లెక్కగట్టింది ఒకటి. టీడీఎస్ దగ్గర మా వరుసలో 1,800, వాళ్ల వరుసలో సున్నా. అమ్మకు కట్టాల్సిన పన్ను లేదు కాబట్టి వాపసు రాకపోవడంతో సరిపోయింది. పన్ను పడే వాళ్లయితే ఎదురు డిమాండు నోటీసు వచ్చి ఉండేది.

ఈలోగా షేర్ల రిజిస్టరు చూసే ఆర్‌టీఏకు మెయిలు పెట్టాను. ఐఎస్‌ఆర్-1 అనే ఫారం, సంతకం పెట్టిన పాన్ నకలు, రద్దు చేసిన చెక్కు పంపమన్నారు. జూలైలో పంపితే ఆగస్టులో పాన్ ఎక్కింది. సంతోషించాను. తీరా చూస్తే అది ఇకపై వచ్చే డివిడెండ్లకే. పాత 1,800 సంగతి అడిగితే కంపెనీని అడగమన్నారు. కంపెనీని అడిగితే ఆర్‌టీఏను అడగమన్నారు. ఈ రెండు వాకిళ్ల మధ్య రెండు నెలలు గడిచాయి. వాటాదారు యజమాని అంటారు గానీ యజమానికి ఇంత నిర్లక్ష్యంగా జవాబిచ్చే పనివాళ్లు ఇంకెక్కడా ఉండరు.

నాకు ఆలస్యంగా అర్థమైంది ఏమిటంటే, నేను అడగాల్సింది అడగలేదు. “మా డబ్బు ఎక్కువ కోశారు, తిరిగివ్వండి” అని రాస్తూ వచ్చాను. వాళ్లు ఇవ్వలేరు, అది ఖజానాకు వెళ్లిపోయింది. “చట్టప్రకారమే కోశాం” అని ప్రతిసారీ ఒకే వాక్యం పంపేవారు. చివరికి నా ఆఫీసులో అకౌంట్స్ చూసే మిత్రుడు మెయిలు చదివి నవ్వి, తానే మూడు వాక్యాలు రాసి ఇచ్చాడు: ఫలానా ఫోలియో, 2022-23 రెండో త్రైమాసికం, 26క్యూలో పాన్ స్థానంలో PANNOTAVBL ఉంది, ఇప్పుడు పాన్ మీ రికార్డులో ఉంది కాబట్టి సవరణ రిటర్ను దాఖలు చేయగలరు. చీటీ ఫోటో జతచేసి కంపెనీ సెక్రటరీకి పంపాను. మూడు వారాల్లో జవాబు వచ్చింది. డిసెంబరులో 26ఏఎస్‌లో 9,000, 1,800 కనిపించాయి.

అది కనిపించాక పోర్టల్‌లో రెక్టిఫికేషన్ కింద Reprocess the return ఎంచుకున్నాను. రిటర్నులో మార్చాల్సింది ఏమీ లేదు, మళ్లీ లెక్కగట్టమంటే చాలు. ఫిబ్రవరిలో డబ్బు పడింది. జూన్‌లో 26ఏఎస్ చూసుకున్న రోజే ఆ మూడు వాక్యాలు రాసి ఉంటే ఈ తిరుగుడులో సగం తప్పేది.

ఆ ఏడాది డివిడెండుకు ఫారం 15హెచ్ ఇచ్చి కోతే లేకుండా చేద్దామనుకున్నాను. బ్యాంకుకు ఇచ్చేశాం కదా అని కొందరు ఊరుకుంటారు. బ్యాంకుకు ఇచ్చింది బ్యాంకుకే, ప్రతి కంపెనీకీ విడిగా ఇవ్వాలి, అదీ వాళ్లు చెప్పిన తేదీలోపు. వార్షిక సమావేశం నోటీసులో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఆ తేదీ ఉంటుంది. నేను చూసేసరికి లింకు మూసేశారు. 900 కోశారు, పాన్ ఉంది కాబట్టి ఈసారి 26ఏఎస్‌లో చక్కగా పడింది, వాపసు వచ్చింది.

మ్యూచువల్ ఫండ్లకూ కోత ఇలాగే ఉంటుంది, ఏడాదికి అదే పరిమితి, అదే పది శాతం. కానీ అక్కడ నా ఫిర్యాదు వేరు. అమ్మ ఒక ఫండులో డివిడెండ్ ఆప్షన్ తీసుకుంది. సెబీ 2021లో దాని పేరు మార్పించి ఇన్‌కమ్ డిస్ట్రిబ్యూషన్ కమ్ క్యాపిటల్ విత్‌డ్రాయల్, పొట్టిగా ఐడీసీడబ్ల్యూ చేసింది, మీ మూలధనం కూడా అందులో వెనక్కి రావచ్చని తెలిసేలా. పేరు పలకడానికి ఘోరంగా ఉన్నా నిజాయితీ ఉంది. యూనిట్ విలువ, అంటే ఎన్ఏవీ, 25 రూపాయలతో 8,000 యూనిట్లున్నాయి, విలువ రెండు లక్షలు. యూనిట్‌కు రూపాయి పంచితే ఎన్ఏవీ 24కు దిగుతుంది, విలువ 1,92,000. అంటే 8,000 మీ సొమ్ములోంచే తీసి, ఏడాది మొత్తం పరిమితి దాటితే అందులో 800 పన్ను పట్టుకుని, 7,200 మీకే ఇచ్చి డివిడెండ్ అంటారు. మొత్తం 8,000 మీ శ్లాబులో ఆదాయం కిందకే వస్తుంది. గ్రోత్ ఆప్షన్‌లో ఈ కోత లేదు, అమ్ముకున్నప్పుడు లాభం మీద మాత్రమే పన్ను. ఇంట్లో ఎవరికైనా ఐడీసీడబ్ల్యూ ఉందంటే నేను వెంటనే వాదనకు దిగుతాను. అమ్మ మాత్రం మార్చనంది. మూడు నెలలకోసారి ఫోనులో మెసేజ్ మోగడం ఆమెకు ఇష్టం.

మీ విషయానికొస్తే, ముందు 26ఏఎస్‌లో ఆ కంపెనీ పేరు ఉందో లేదో చూడండి. ఉంటే అక్కడ ఉన్న మొత్తాన్నే ఆదాయంగా రాయండి. ఖాతాలో పడిన నికరం రాసి క్రెడిట్ పూర్తిగా కోరితే రెండూ పొసగక ప్రశ్న వస్తుంది. పేరు లేకపోతే రిటర్ను వేయకముందే కంపెనీకి రాయండి. కోత ఇరవై శాతమైతే మీ పాన్ వాళ్ల దగ్గర లేదనో, చెల్లడం లేదనో అనుమానించాలి.

ఇప్పుడు అమ్మకు వారెంటు రావడం లేదు, డబ్బు నేరుగా ఖాతాకే వెళ్తోంది. పాసుపుస్తకంలో నికరం ఒక్కటే పడుతుంది, ఎంత కోశారో ఉండదు. అందుకని ఆమె ప్రతిసారీ నాకు ఫోను చేసి మొత్తం ఎంత, కోత ఎంత అని అడిగి, క్యాలెండరు వెనక రాసుకుని, ఆ నెల పేజీని చింపి కరెంటు బిల్లుల కట్టలో పెడుతోంది.