మొత్తం కలిసింది, నెలలు కలవలేదు: హోటల్ ఆక్యుపెన్సీ రిపోర్టు

ప్రశ్న: మాది బరంపురం. బీకాం అయ్యాక గోపాలపూర్ బీచ్ దగ్గర 24 గదుల హోటల్లో ఫ్రంట్ ఆఫీసు ట్రైనీగా చేరాను. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా నెలవారీ ఆక్యుపెన్సీ, ఏడీఆర్, రెవ్‌పార్ తీయమని మేనేజరు గారు చెప్పారు. బిల్లులు ముందు పెట్టుకుని షీటు చేశాను, మీకూ పంపుతున్నాను. డిసెంబరు ఆక్యుపెన్సీ నాకు 71 శాతం వస్తే ఆయనకు 75. జనవరి నాకు 66.5, ఆయనకు 62.5. ఫిబ్రవరి ఇద్దరికీ 50. మూడు నెలల మొత్తం డబ్బు కూడా ఇద్దరికీ ఒకటే. తప్పెక్కడుందో తెలియక టెన్షన్‌గా ఉంది. నాకు హోటళ్ల రెవెన్యూ వైపు వెళ్లాలని ఉంది. బీకాం సరిపోతుందా, మళ్లీ హోటల్ మేనేజ్‌మెంట్ చదవాలా? (ఒక ట్రైనీ, బరంపురం)

జవాబు: మీ షీటులో జనవరి 2 నాటి లైను ఒకసారి చూడండమ్మా. ఒకే బిల్లు, పది గదులు, 40 రూమ్ నైట్లు, 1,80,000 రూపాయలు. ఒక గది ఒక రాత్రికి పోతే ఒక రూమ్ నైట్. ఉన్నవే 24 గదులైతే ఒక్క తేదీ మీద 40 ఎలా అమ్ముడుపోతాయి? ఆ పార్టీ డిసెంబరు 29న దిగింది, జనవరి 2న ఖాళీ చేసింది. అంటే 29, 30, 31, జనవరి 1 రాత్రులు పడుకున్నారు. నాలుగు రాత్రుల్లో మూడు డిసెంబరువి. మీరు బిల్లు తేదీని బట్టి నెల విడగొట్టారు కాబట్టి నాలుగూ జనవరిలో పడ్డాయి.

హోటల్ లెక్కలో గదిని ఏ రాత్రి వాడుకున్నారో ఆ రాత్రే అమ్మినట్టు. డబ్బు ఎప్పుడిచ్చారు, బిల్లు ఎప్పుడు కొట్టారు అన్నది అకౌంట్స్ వాళ్లకు కావాలి, ఈ రిపోర్టుకు అక్కర్లేదు. ఇప్పుడు 30 రూమ్ నైట్లను, వాటి 1,35,000 రూపాయలను జనవరి నుంచి తీసి డిసెంబరులో వేద్దాం. డిసెంబరులో అమ్మగలిగిన గదులు 24 ఇంటూ 31, అంటే 744. అమ్మినవి మీ లెక్కలో 528, సరిచేస్తే 558. ఆక్యుపెన్సీ సరిగ్గా 75 శాతం. గదుల ఆదాయం 16,50,600 కాస్తా 17,85,600 అవుతుంది. దాన్ని అమ్మిన 558తో భాగిస్తే అమ్మిన గదికి సగటు రేటు, అంటే ఏడీఆర్ 3,200, ఉన్న 744తో భాగిస్తే ఉన్న గదికి సగటు ఆదాయం, అంటే రెవ్‌పార్ 2,400. జనవరి ఇదే దారిలో 495 నుంచి 465 రూమ్ నైట్లకు దిగి 62.5 శాతం దగ్గర ఆగుతుంది. ఆదాయం 13,02,000, ఏడీఆర్ 2,800, రెవ్‌పార్ 1,750. మీ మేనేజరు గారి అంకెలు ఇవే అయ్యుండాలి.

మొత్తం డబ్బు ఎందుకు కలిసిందంటే, తప్పు ఆ మూడు నెలల లోపలే అటూ ఇటూ జరిగింది. నవంబరు 30న దిగిన పార్టీ ఒకటి ఉండుంటే మొత్తం కూడా కలిసేది కాదు, మీకు అప్పుడే అనుమానం వచ్చేది. నెలాఖరు, అందులోనూ సీజన్ మధ్యలో వచ్చే నెలాఖరు ఇలాగే ముంచుతుంది. గోపాలపూర్‌లో డిసెంబరు 31 రాత్రి ఏడాదిలోకెల్లా ఖరీదైన రాత్రుల్లో ఒకటి. దాన్ని జనవరి ఖాతాలో వేస్తే వచ్చే ఏడాది డిసెంబరుకు రేటు ఎంత పెట్టాలో యజమానికి తప్పు లెక్క చేరుతుంది.

బుకింగ్ లిస్టు నుంచే చేయాలంటే ప్రతి బుకింగ్‌కూ ఆ నెలలో పడిన రాత్రులు తీసే సూత్రం ఒకటి ఉంది. B కాలమ్‌లో చెక్-ఇన్ తేదీ, C కాలమ్‌లో చెక్-అవుట్ తేదీ, పైన G1లో నెల మొదటి తేదీ పెట్టుకోండి.

```
=MAX(0, MIN($C2, EDATE(G$1,1)) - MAX($B2, G$1))
```

పక్కన H1లో జనవరి 1 పెట్టి సూత్రాన్ని అటు లాగండి. మీ పది గదుల పార్టీకి డిసెంబరు కింద 3, జనవరి కింద 1 వస్తుంది. దాన్ని గదుల సంఖ్యతో గుణిస్తే రూమ్ నైట్లు. రేటుతో కూడా గుణిస్తే ఆదాయం, అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. అన్ని రాత్రులకూ ఒకే రేటు ఉన్నప్పుడే ఇది పనిచేస్తుంది. మీ పార్టీకి రాత్రికి 4,500 చొప్పున ఒకే రేటు కాబట్టి సరిపోయింది. 31 రాత్రికి వేరే రేటు వేసి ఉంటే మాత్రం గదికి, రాత్రికి ఒక్కో లైను చొప్పున రాసుకోక తప్పదు. హోటల్ సాఫ్ట్‌వేర్ ఉన్నచోట నైట్ ఆడిట్ చేసేది ఈ పనే. ప్రతి రాత్రీ రోజు మూసేటప్పుడు ఇన్‌హౌస్‌లో ఉన్న ప్రతి గదికీ ఆ రాత్రి అద్దెను పోస్టు చేస్తుంది. మీ హోటల్లో అలాంటిది ఉంటే బిల్లుల జోలికే వెళ్లకుండా నైట్ ఆడిట్ రిపోర్టుల నుంచి అంకెలు తీసుకోండి.

మీరు అడగకపోయినా ఇంకో తప్పు కనిపించింది. మూడు నెలల సగటు అని కింద మీరు రాసిన లైను. నెలలు సరిచేసినా అది తప్పే అవుతుంది. ఫిబ్రవరిలో మీకు 672కి 336 అమ్మారు, ఆదాయం 8,40,000, ఏడీఆర్ 2,500, రెవ్‌పార్ 1,250. మూడు నెలల ఏడీఆర్‌లను కూడి మూడుతో భాగిస్తే 2,833 వస్తుంది. అసలు ఏడీఆర్ మాత్రం మొత్తం ఆదాయం 39,27,600ను మొత్తం అమ్మిన 1,359తో భాగిస్తే వచ్చే 2,890. డిసెంబరులో ఎక్కువ గదులు ఎక్కువ రేటుకు పోయాయి, వాటి బరువు సగటులో పడాలి కదా. దీన్ని పట్టుకోవడం తేలిక. ఆక్యుపెన్సీని ఏడీఆర్‌తో గుణిస్తే రెవ్‌పార్ రావాలి. మామూలు సగటుల్లో 62.5 శాతం ఇంటూ 2,833 అంటే 1,771, కానీ రెవ్‌పార్ సగటు 1,800 చూపిస్తుంది. పొంతన లేదు. మొత్తాల నుంచి చేస్తే అమ్మగలిగినవి 2,160 కాబట్టి ఆక్యుపెన్సీ 62.92 శాతం, రెవ్‌పార్ 1,818, గుణిస్తే కలుస్తుంది. రిపోర్టు ఎవరికి ఇచ్చే ముందైనా ఈ గుణకారం ఒక్కటి చేసి చూసుకోండి. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు నేను మొదట నేర్పించేదీ ఇదే.

ఈ పరీక్షకు దొరకని తప్పులు కూడా ఉన్నాయి. సముద్రం పక్క హోటళ్లలో గోడలకు చెమ్మ పట్టి నాలుగైదు గదులు రిపేరులో ఉండటం మామూలే. ఫిబ్రవరిలో నాలుగు గదులు నెలంతా మూసి ఉన్నాయనుకుందాం. వాటిని లెక్కలోంచి తీసేస్తే 672 కాస్తా 560 అవుతుంది. అదే 336 గదులకు ఆక్యుపెన్సీ 60 శాతానికి, రెవ్‌పార్ 1,500కి ఎగురుతాయి. డబ్బు ఒక్క రూపాయి పెరగలేదు. గుణకారమేమో చక్కగా కలుస్తుంది. హోటల్ పరిశ్రమలో వాడుక ఏమిటంటే కొన్నాళ్ల రిపేరుకు మూసిన గదులు అందుబాటు లెక్కలోనే ఉంటాయి, ఆ నష్టం కనిపించాలి. నెలల తరబడి పూర్తిగా మూసేసిన అంతస్తు లాంటివి వేరు. మీ యజమాని తీసేయమంటే తీసేయండి, కానీ నాలుగు గదులు తీసేశామని రిపోర్టు కిందే రాయండి. యజమాని చుట్టాలు ఉచితంగా దిగిన గదుల్ని అమ్మినవాటిలో కలపకండి, కలిపితే ఆక్యుపెన్సీ పెరిగి ఏడీఆర్ పడిపోతుంది. జీఎస్టీ మన ఆదాయం కాదు, తీసేయాలి. టిఫిన్ కలిపిన సీపీ ప్లాన్ రేటైతే టిఫిన్ వాటా రెస్టారెంట్‌కు పోవాలి. మీ షీటులో ఈ రెండూ తీసేసే ఉన్నాయి, సంతోషం.

నెల రిపోర్టును పోయిన ఏడాదితో పోల్చమని త్వరలోనే అడుగుతారు. అక్కడ పంచాంగం కూడా చూసుకోవాలి. గోపాలపూర్‌కు బెంగాలీలు ఎక్కువగా వచ్చేది పూజా సెలవుల్లో. 2024లో విజయదశమి అక్టోబరు 12న వచ్చింది, పండగంతా అక్టోబరులోనే జరిగింది. 2025లో అక్టోబరు 2న వచ్చింది, సప్తమి, అష్టమి సెప్టెంబరులోకి వెళ్లిపోయాయి. ఇది చూడకుండా 2025 సెప్టెంబరు బ్రహ్మాండంగా పెరిగిందని, అక్టోబరు పడిపోయిందని రాస్తే మేనేజరు నవ్వుకుంటారు. అలాంటి చోట రెండు నెలలూ కలిపి ఒకే లైనుగా చూపడం మేలు. పెళ్లి ముహూర్తాల నెలలకు కూడా ఇంతే.

ఇక చదువు సంగతి. రెవెన్యూ వైపు వెళ్లడానికి మీరు మళ్లీ డిగ్రీ మొదటి ఏడాదిలో కూర్చోనక్కర్లేదు. భువనేశ్వర్‌లోని హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీ ఐహెచ్‌ఎం లాంటి చోట చదివినవాళ్లకు పెద్ద హోటళ్లలో చేరేటప్పుడు తలుపు తొందరగా తెరుచుకుంటుంది, నిజమే. కానీ ఆ చదువులో వంటగది, హౌస్‌కీపింగ్, సర్వీసు అన్నీ ఉంటాయి, మీకు కావలసిందేమో లెక్క. బీకాం వాళ్లకు సులువైన దారి నైట్ ఆడిట్. దాన్నుంచి ఇన్‌కమ్ ఆడిట్‌కు గానీ, రిజర్వేషన్స్ మీదుగా రెవెన్యూ ఎగ్జిక్యూటివ్‌కు గానీ వెళ్లొచ్చు. 24 గదుల హోటల్లో రెవెన్యూ మేనేజరు పోస్టు ఉండదు, ఆ పని మేనేజరే చేసుకుంటారు. కాబట్టి ఏదో ఒక నాటికి భువనేశ్వర్‌కో, విశాఖపట్నానికో కదలాల్సి వస్తుంది. ఇంట్లో ఆ మాట ఇప్పుడే అనుకోండి. తెలుగు, ఒడియా, హిందీ మూడూ మాట్లాడగలిగే బరంపురం పిల్లలకు ఆ రెండు ఊళ్లలోనూ ఫ్రంట్ ఆఫీసులో గిరాకీ ఉంటుంది.

ఇప్పటికి మీ మేనేజరు గారిని నెలకు కొన్ని నైట్ షిఫ్టులు అడగండి. ఇంట్లో రాత్రి డ్యూటీకి ఒప్పుకోకపోతే పొద్దున్న షిఫ్టుకు అరగంట ముందు వెళ్లి రాత్రి ఆడిట్ కాగితాలు చూసినా చాలావరకు అర్థమవుతుంది. ఇంటర్వ్యూలో ఏడీఆర్ అంటే ఏమిటని అడిగి ఎవరూ ఆగిపోరు. కొన్ని చోట్ల దాన్నే ఏఆర్ఆర్ అంటారు, కంగారు పడకండి. వాళ్లు ఎక్కువగా అడిగేది ఇలా ఉంటుంది: డిసెంబరుతో పోలిస్తే జనవరి రెవ్‌పార్ 2,400 నుంచి 1,750కి పడింది, గదులు పోకనా, రేటు తగ్గించడం వల్లనా? మీ అంకెలతోనే చెప్పొచ్చు. డిసెంబరు రేటు 3,200 అలాగే నిలిచి ఆక్యుపెన్సీ మాత్రమే 62.5కి పడి ఉంటే రెవ్‌పార్ 2,000 ఉండేది. అంటే పడిన 650లో 400 గదులు పోకపోవడం వల్ల, మిగతా 250 రేటు తగ్గడం వల్ల.

రేపు మేనేజరు గారి దగ్గరకు వెళ్లేటప్పుడు సరిచేసిన షీటుతో పాటు డిసెంబరు 31 రాత్రి ఇన్‌హౌస్ లిస్టు కూడా తీసుకెళ్లండి. ఆ పది గదుల నంబర్లు అందులో ఉంటాయి.