టార్గెట్ దగ్గర గోడ కడితే ఆటంతా ఆ గోడ దగ్గరే జరుగుతుంది

ప్రశ్న: మా దగ్గర ఆరుగురు సేల్స్‌వాళ్లున్నారు. బిల్లు మీద 5 శాతం కమిషన్, క్వార్టర్ టార్గెట్ కొడితే బోనస్ ఇస్తున్నాం. కొత్త కస్టమర్లు వస్తున్నారు గానీ పాతవాళ్లు జారిపోతున్నారు. క్వార్టర్ చివర డిస్కౌంట్లు, తర్వాతి నెలలో రిటర్నులు. కమిషన్ ఎలా పెడితే న్యాయంగా ఉంటుంది?

మీ సేల్స్‌వాళ్లను తిట్టుకోకండి. మీరు రాసిన లెక్కను మీకంటే బాగా చదివారు, అంతే. కమిషన్ ప్లాన్ అంటే మేనేజర్లు నోటీసు కాగితం అనుకుంటారు. సేల్స్‌వాడికి అది క్యాలిక్యులేటర్. క్వార్టర్ చివరి వారంలో ఆ క్యాలిక్యులేటర్ అతనికి ఏం చెబుతోందో ముందు చూడండి.

అంకెలు లక్షల్లో అనుకోండి. టార్గెట్ 60. కొడితే 1.5 బోనస్. చివరి వారంలో ఒకతను 58 దగ్గర ఉన్నాడు. ఇంకో 2 అమ్మితే మామూలు కమిషన్ 0.1, దానికి బోనస్ 1.5 కలిపి 1.6 చేతికొస్తుంది. అంటే ఆ చివరి 2 లక్షల మీద అతని కమిషన్ 5 శాతం కాదు, 80 శాతం. ఇక ఏం చేస్తాడు? వచ్చే నెల ఎలాగూ కొనే పాత కస్టమర్‌కి ఫోన్ చేసి, ఇప్పుడే బిల్లు వేయించుకుంటే 12 శాతం తగ్గిస్తానంటాడు, డబ్బు మూడు నెలల తర్వాత ఇవ్వండంటాడు, అమ్ముడుపోకపోతే వెనక్కి తీసుకుంటానని నోటిమాటగా కూడా చెబుతాడు. కంపెనీకి కొత్తగా ఒక్క రూపాయి అమ్మకం పెరగలేదు. రేపటి బిల్లు ఇవాళ, తక్కువ ధరకి పడింది.

అదే వారం 45 దగ్గర ఆగిపోయినవాడిని చూడండి. ఎంత పరుగెత్తినా 60 అందదు. కాబట్టి చేతిలో ఉన్న ఆర్డర్లను వచ్చే క్వార్టర్‌కి దాచుకుంటాడు. 63 దాటినవాడూ దాచుకుంటాడు, ఎందుకంటే ఇక్కడ ఇంకో బోనస్ లేదు, అక్కడ సున్నా నుంచి మొదలు. ముగ్గురూ చేసేవి వేర్వేరు పనులు, కారణం మాత్రం ఆ గోడ ఒక్కటే. ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ డీల్స్‌ను పరిశీలించి ఇయాన్ లార్కిన్ 2014లో ప్రచురించిన అధ్యయనంలో, క్వార్టర్ చివర ఇలా ధర తగ్గించడం వల్లే ఆదాయంలో 6 నుంచి 8 శాతం పోయిందని తేలింది. అక్కడ ఉన్నది ఒక్కసారి ఇచ్చే బోనస్ కూడా కాదు, క్వార్టర్‌లో అమ్మకం పెరిగేకొద్దీ పెరిగే రేటు.

మీ దగ్గర ఎంత ఉందో ఒక్క సాయంత్రంలో తెలుస్తుంది. ఏడాది బిల్లులను వారాలవారీగా పేర్చండి. క్వార్టర్‌కి 13 వారాలు, అంటే వారానికి సుమారు 8 శాతం రావాలి. చివరి వారంలో 25, 30 పడి, తర్వాతి రెండు వారాలు ఖాళీగా ఉంటే కొత్త డిమాండ్ పుట్టలేదు, తర్వాతి వారాల అమ్మకమే ముందుకు జరిగిందంతే. చివరి వారపు సగటు డిస్కౌంట్‌ను మధ్య వారాలతో పోల్చండి. ఆ వారపు బిల్లుల మీద తర్వాతి నెలలో ఎన్ని క్రెడిట్ నోట్లు పడ్డాయో లెక్కించండి. ఈ మూడూ ఒకే వైపు చూపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. మీ వ్యాపారానికి నిజంగానే సీజన్ ఉంటే మాత్రం ముందు దాన్ని విడిగా తీసేసి చూడాలి.

గోడ తీసేయడం సులువే. ఆదాయపు పన్ను శ్లాబుల్లాగా పెట్టండి: ఎక్కువ రేటు, గీత దాటిన భాగం మీద మాత్రమే. మొదటి నుంచీ ఉన్న మొత్తానికి వెనక్కి వెళ్లి రేటు పెంచితే గోడ మళ్లీ లేచినట్టే. ఇంకో మాట, లెక్కను ప్రతి క్వార్టర్‌కీ సున్నా చేయకండి. ఏడాది మొదటి నుంచి కలుపుకుంటూ వెళ్లండి, డబ్బు మాత్రం నెలనెలా ఇవ్వండి. అప్పుడు దాచుకోవడానికి ఏడాదిలో ఒక్క చోటే మిగులుతుంది. కమిషన్‌కి గరిష్ఠ పరిమితి పెట్టే అలవాటుంటే అదీ మానేయండి. 'మేనేజర్ కంటే సేల్స్‌వాడు ఎక్కువ సంపాదిస్తున్నాడు' అన్న కడుపుమంట తప్ప దానికి నాకు వేరే కారణం కనపడదు. పరిమితి తగిలిన రోజునుంచి అతను మీ కోసం పని చేయడు, వచ్చే ఏడాది కోసం చేస్తాడు.

ఇక అసలు సమస్య, పాత కస్టమర్లు. 'కొత్తవాళ్ల మీద ఎక్కువ రేటు, పాతవాళ్ల మీద తక్కువ' అని చాలామంది పెడతారు. వినడానికి బాగుంటుంది. ఇద్దరి మీద వేసి చూద్దాం. ఇద్దరి చేతిలోనూ నిరుడు 200 లక్షల బిల్లు తెచ్చిన కస్టమర్లున్నారు. కొత్తవాళ్ల మీద 8 శాతం, పాతవాళ్ల మీద 2 శాతం.

మొదటివాడు 50 కొత్తవి తెచ్చాడు, పాతవి 40 పోగొట్టాడు. చివరికి 210. రెండోవాడు 20 కొత్తవి తెచ్చాడు, 5 పోయాయి, మిగిలిన పాతవాళ్ల దగ్గరే 10 పెంచాడు. చివరికి 225. కమిషన్ చూడండి. మొదటివాడికి 50 మీద 4, మిగిలిన 160 మీద 3.2, మొత్తం 7.2. రెండోవాడికి 20 మీద 1.6, 205 మీద 4.1, మొత్తం 5.7. కంపెనీని 10 పెంచినవాడు, 25 పెంచినవాడి కంటే 1.5 ఎక్కువ పట్టుకెళ్లాడు. రెండోవాడు మంచివాడైతే ఇంకో ఏడాది ఓపిక పడతాడు, తెలివైనవాడైతే వెంటనే మొదటివాడి దారి పడతాడు.

ఇప్పుడు కొత్త, పాత అన్న తేడా తీసేయండి. అతని చేతిలో ఉన్న కస్టమర్ల మొత్తం బిల్లును నిరుటితో పోల్చండి. నిరుటి స్థాయి వరకు 2 శాతం, దాని పైన నికరంగా పెరిగినదాని మీద 14 శాతం. మొదటివాడికి 200 మీద 4, 10 మీద 1.4, మొత్తం 5.4. రెండోవాడికి 4, 25 మీద 3.5, మొత్తం 7.5. పాత పద్ధతిలో ఇద్దరికీ కలిపి 12.9 ఇచ్చారు, ఇందులోనూ 12.9 అవుతుంది. కంపెనీ ఖర్చు పైసా పెరగలేదు, ఎవరికి ఎంత అన్నదే మారింది. ఇక పాత కస్టమర్ ఫిర్యాదు చేస్తే అది సర్వీసువాళ్ల పని అని సేల్స్‌వాడు తప్పించుకోడు. 5 లక్షల కస్టమర్ పోతే తన జేబులోంచి 0.7 పోతుంది మరి.

దీనికీ లొసుగులున్నాయి. పెద్దది నిరుటి స్థాయిని ఎలా కడతారన్నది. ఈ ఏడాది 225 చేస్తే వచ్చే ఏడాది గీత 225 అయితే, నవంబర్‌లోనే అతనికి అర్థమవుతుంది: ఇప్పుడు తెచ్చే ప్రతి ఆర్డరూ రేపటి కొండ ఎత్తు పెంచుతుందని. అందుకని గీతను గత రెండేళ్ల సగటుగా పెట్టండి. రెండేళ్లలో 200, 225 అయితే గీత 212.5. అతను 225 నిలబెట్టుకుంటే చాలు, 12.5 మీద మళ్లీ 14 శాతం, అంటే 1.75 వస్తుంది. పెరుగుదల ఫలం రెండేళ్లలో పంచినట్టవుతుంది. ఊరికే ఒక్క నెల ఊదిన అమ్మకం తర్వాతి ఏడాది ఈ అదనం తేదు కాబట్టి ఊదడానికి ఆశా తగ్గుతుంది.

రెండోది, సేల్స్‌వాడి చేతిలో లేని నష్టం. కస్టమర్ కంపెనీ మూతబడింది, లేదా మీరే ఒక సరుకు ఆపేశారు. అలాంటి కస్టమర్ల నిరుటి బిల్లును గీతలోంచి తీసేయాలి. ఏ కారణాలు చెల్లుతాయో ముందే రాసిపెట్టి, ఒప్పుకునే అధికారం అకౌంట్స్‌వాళ్లకి ఇవ్వండి. సేల్స్ మేనేజర్‌కి ఇస్తే ఏడాది చివర అందరి కస్టమర్లూ 'మూతబడతారు'. దీనికి తిరగేసిన అన్యాయం ఇంకోటి ఉంది: కస్టమర్ పెద్దవాడయ్యాక 'ఇది కంపెనీ ఖాతా' అని లాక్కుని కమిషన్ ఎగ్గొట్టడం. ఇలా ఒక్కసారి చేయండి, ఆ తర్వాత చిన్న కస్టమర్‌ని పెంచే మనిషి మీకు దొరకడు.

డిస్కౌంట్ సంగతి వేరు. ధర తగ్గించే అధికారం సేల్స్‌వాడి చేతిలో ఉంటే బిల్లు మీద కమిషన్ ఇవ్వడం తప్పు. 100కి అమ్మే సరుకు ఖర్చు 70 అనుకోండి, మిగులు 30. 10 తగ్గించి 90కి ఇస్తే మిగులు 20. మీకు మూడో వంతు పోయింది. బిల్లు మీద 5 శాతమైతే అతనికి 5 కాస్తా 4.5 అయింది, పదో వంతే. కమిషన్ మిగులు మీద కట్టండి, ఇద్దరికీ ఒకేలా నొప్పి పుడుతుంది. పైన చెప్పిన 2, 14 శాతాలను మిగులుకి తగ్గట్టు పెంచుకుంటే సరిపోతుంది: ఈ ఉదాహరణలో మిగులు బిల్లులో 30 శాతం గనుక సుమారు 6.7, 47. ఖర్చు అంకె మాత్రం ఏడాది మొదట్లో ప్రకటించి కదపకుండా ఉంచాలి. నెలనెలా కొనుగోలువాళ్లు దాన్ని మారుస్తుంటే, తన జీతాన్ని ఎవరో వెనక కూర్చుని కోస్తున్నారని అతను అనుకుంటాడు, సగం సార్లు నిజమే అయ్యుంటుంది. ధరలన్నీ మీరే ఖరారు చేస్తుంటే ఈ తతంగం అక్కర్లేదు, బిల్లు మీదే ఇవ్వండి.

రిటర్నులకి మందు, డబ్బు వసూలయ్యాకే కమిషన్ ఇవ్వడం. బిల్లు వేసిన రోజున కాదు. వసూలైన రోజు 70 శాతం ఇచ్చి, 30 శాతం రిటర్న్ గడువు తీరేదాకా ఆపండి. ఇచ్చి వెనక్కి తీసుకోవడం కంటే ఇవ్వకుండా ఆపడం మేలు. చేతికొచ్చిన డబ్బు ఖర్చయిపోతుంది, పైగా జీతంలో కోత వేయడం మీద చాలా చోట్ల చట్టపరమైన పరిమితులుంటాయి. ఆపే కాలం 90 రోజులు దాటించకండి. ఆరు నెలల తర్వాత వచ్చే కమిషన్‌కీ ఇవాళ చేసే పనికీ సంబంధం ఉన్నట్టు ఎవరికీ అనిపించదు.

ఎన్ని అమ్మారన్న సంఖ్య మీద మాత్రం డబ్బు పెట్టకండి. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఖాతాల సంఖ్య మీద ఒత్తిడి పెట్టింది. ఉద్యోగులు కస్టమర్లకు తెలియకుండానే ఖాతాలు తెరిచారు. 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, అప్పటికే సుమారు 5,300 మందిని తీసేశారు. 'ఈ నెల హీరో' ఫొటోలూ, వారాంతపు పోటీలూ చిన్న ఎత్తున చేసేది అదే పని.

అమలు చేసేముందు నిరుటి అసలు బిల్లులను కొత్త ప్లాన్‌లో వేసి, ఆరుగురికీ పాత, కొత్త మొత్తాలు పక్కపక్కన రాయండి. ఎవరిదైనా 15 శాతం కంటే ఎక్కువ తగ్గితే కారణం చూడండి. మొదటివాడిలాంటివాడైతే తగ్గాల్సిందే. మంచివాడికి తగ్గితే మీ గీతలో తప్పుంది. తొలి రెండు క్వార్టర్లు పాత మొత్తానికి 90 శాతం హామీ ఇవ్వండి. తర్వాత ఆ కాగితాన్ని ఆరుగురిలో అందరికంటే జిత్తులమారి చేతిలో పెట్టి, 'దీన్ని నువ్వెలా మోసం చేస్తావు?' అని అడగండి. పావుగంటలో రెండు మూడు దారులు చూపిస్తాడు. వాటిని మూసి, తేదీ వేసి, ఏడాది మధ్యలో కదపబోమని సంతకం పెట్టండి.