రెండు పాదాలూ వాస్తే ఒకటి, ఒక్క పిక్కే వాస్తే మరొకటి

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు. బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతోంది. కాళ్లలో నరాలు ఉబ్బి కనిపిస్తాయి. కిందటిసారి హైదరాబాద్ నుంచి డాలస్ వచ్చినప్పుడు రెండు పాదాలూ చెప్పులు పట్టనంతగా వాచాయి. వచ్చే నెల మళ్లీ వస్తోంది. రక్తం గడ్డకడుతుందేమోనని భయంగా ఉంది. సాక్సులు వేయించాలా? ఆస్పిరిన్ ఇవ్వవచ్చా?

డాక్టర్ సలహా: రెండు పాదాలూ ఒకేలా వాచి, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోయి ఉంటే అది గడ్డ అయ్యే అవకాశం తక్కువ. పిక్క కండరం కదిలినప్పుడల్లా సిరల్లోని రక్తాన్ని పైకి తోస్తుంది. కదలకుండా కూర్చుంటే నీరు చీలమండలకు దిగుతుంది. ఆమ్లోడిపిన్‌కూ కాళ్లు వాచే గుణం ఉంది. అలాగని ప్రయాణం కోసం దాన్ని సొంతంగా మానేయకూడదు. రాసిచ్చిన డాక్టర్‌నే అడగాలి.

నాలుగు గంటలు దాటిన ప్రయాణాల్లో గడ్డ ముప్పు పెరిగినా, అది కొన్ని వేల మందిలో ఒకరికే. అయితే వయసు, ఉబ్బిన సిరలు కలిశాయి కాబట్టి మీ అమ్మగారికి సాక్సులు వేయించడమే మంచిది. మోకాలి కిందివరకు వచ్చే, 15 నుంచి 30 మి.మీ. పీడనం ఉన్న కంప్రెషన్ సాక్సులు అడగండి. చెప్పుల సైజు చెప్పి కొంటే సరిపోవు. పొద్దున్నే, వాపు లేనప్పుడు, చీలమండ, పిక్కల చుట్టుకొలత టేపుతో తీసుకోవాలి. తొడిగే ముందు మెట్టెలు, పట్టీలు తీసేయమనండి. పాదం వాచాక మెట్టె వేలిని కోసేస్తుంది. సాక్సు పైఅంచు మడతపడితే అక్కడే బిగుసుకుని రక్తాన్ని ఆపుతుంది. షుగరుతో పాదాలు మొద్దుబారినవారు, నడిస్తే పిక్కలు పట్టేసి ఆగితే తగ్గేవారు డాక్టర్ చూడకుండా వీటిని వేసుకోకూడదు.

పొట్టిగా ఉన్నవారికి ఇంకో చిక్కు ఉంది. పాదాలు నేలకు ఆనక సీటు అంచు మోకాలి వెనక సిరను నొక్కుతుంది. కాళ్ల కింద చిన్న బ్యాగు పెట్టుకుంటే చాలు. నడవా పక్క సీటు తీసుకోండి. కిటికీ పక్కన కూర్చుంటే పక్కవారిని లేపడానికి మొహమాటపడి పదహారు గంటలూ కదలని పెద్దవాళ్లను చూస్తూనే ఉంటాం. మెలకువగా ఉన్నంతసేపు అరగంటకోసారి మడమలు నేలకు ఆనించి వేళ్లు పైకి, వేళ్లు ఆనించి మడమలు పైకి, పదిహేనుసార్లు ఎత్తాలి. పిక్క బిగిసినట్టు తెలియాలి, లేకపోతే లాభం లేదు. నిద్రమాత్రలు వద్దు.

ప్రయాణం కోసమే అయితే ఆస్పిరిన్ కూడా వద్దు. సిరల్లో గడ్డను అది అంతగా ఆపదు, కడుపులో రక్తస్రావం ముప్పు మాత్రం ఉంటుంది. ఇంతకుముందు గడ్డకట్టినా, క్యాన్సర్ ఉన్నా, ఈ మధ్య పెద్ద ఆపరేషన్ జరిగినా సాక్సులతో సరిపెట్టకుండా టికెట్ కొనకముందే డాక్టర్‌ను కలవాలి.

దిగాక నాలుగు వారాలైనా గమనించండి. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే అదే రోజు డాప్లర్ స్కాన్ చేయించాలి. ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో పోటు, కళ్లు తిరిగి పడిపోవడం, దగ్గులో రక్తం కనిపిస్తే 911కి ఫోన్ చేయండి. బిల్లుకు భయపడి ఇండియా వెళ్లాక చూపించుకుంటానంటే ఒప్పుకోవద్దు. స్కాన్ అయ్యేదాకా ఆ పిక్కకు నూనె రాసి మర్దన చేయకండి.