డ్రై సంప్ అంటే ఏంటి, రేసు కార్లకి అదే ఎందుకు?

ప్రశ్న: మామూలు కార్లలో వెట్ సంప్ చాలు కదా, రేసింగ్ ఇంజిన్లకి డ్రై సంప్ ఎందుకు పెడతారు?

మలుపుల్లో ఆయిల్ పక్కకి పారిపోతుంది కాబట్టి.

వెట్ సంప్‌లో ఆయిల్ అంతా ఇంజిన్ అడుగున ఉన్న పళ్లెంలోనే ఉంటుంది, అందులో మునిగిన ఒక గొట్టం ద్వారా పంపు దాన్ని పైకి లాగుతుంది. కారు 1 జి బలంతో, అంటే తన బరువుకి సమానమైన పక్క బలంతో మలుపు తిరిగితే ఆ ఆయిల్ మట్టం దాదాపు 45 డిగ్రీలు వాలిపోతుంది, గాడులు లేని రేసు టైర్లు, అంటే స్లిక్ టైర్లున్న కారు అంతకన్నా గట్టిగానే తిరుగుతుంది. చిన్న మలుపైతే ఫర్వాలేదు. పొడవాటి మలుపులో మాత్రం గొట్టం మూతి బయటపడి పంపు గాలి పీలుస్తుంది, ప్రెషర్ గేజ్ ముల్లు మలుపులో పడిపోయి రోడ్డు తిన్నగా అవగానే మళ్లీ లేస్తుంది. అలా కనిపిస్తే ఆయిల్ అందక, ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసైన క్రాంక్ బేరింగులు అరుగుతున్నాయనే అనుకోండి.

డ్రై సంప్‌లో పళ్లెంలో ఆయిల్ నిల్వ ఉండనివ్వరు. స్కావెంజ్ పంపులు దాన్ని ఎప్పటికప్పుడు తోడి విడిగా ఉన్న పొడవాటి ట్యాంకులో పోస్తాయి. వచ్చేది సగం నురగే కాబట్టి వీటి సామర్థ్యం ఇంజిన్‌కి ఆయిల్ పంపే ప్రెషర్ పంపు కన్నా ఎక్కువ ఉండాలి. ట్యాంకులో గాలి విడిపోయాక అడుగు నుంచి ఆయిల్ ఇంజిన్‌కి వెళ్తుంది.

పళ్లెం పల్చబడటంతో ఇంజిన్‌ని కిందకి దించి బిగించొచ్చు, క్రాంక్ ఆయిల్‌ని చిలకడం తగ్గి కొంచెం పవర్ మిగులుతుంది. పోర్షే 911 జీటీ3లో ఇదే ఉంది. ఖర్చు, బరువు, లీకయ్యే పైపులు ఎక్కువ, అందుకే మన రోజువారీ కార్లలో కనిపించదు.