ఏజెన్సీ 'మాకొక్కరికే పని చేయాలి' అంటే...

*మా అమ్మాయి ఫ్రీలాన్స్‌గా వెబ్‌సైట్లు డిజైన్ చేస్తుంది. బయట ఎవరికీ పని చేయకూడదని, చేసిన పని మీద తన పేరు ఉండకూడదని ఒక ఏజెన్సీ అడుగుతోంది. నికరంగా పని దొరుకుతుంది కదా, సంతకం పెట్టమంటే వినడం లేదు. ఎలా నచ్చజెప్పాలి సార్?*

అమ్మాయి ఆగడమే మంచిదైందండి. మీ టెన్షన్ నెలనెలా డబ్బు రావడం గురించి. మరి ఆ ఒప్పందంలో కనీసం ఇంత పని ఇస్తామని ఎక్కడైనా రాశారా? చదవకుండానే సంతకం పెట్టమని పిల్లని ఒత్తిడి చేయడం మీ తప్పు.

తను నెలకు 100 గంటలు పని చేయగలదనుకుందాం. ఏజెన్సీ ఒక నెల 70 గంటల పని ఇచ్చి, మరుసటి నెల 20 గంటలే ఇస్తే? బయటి క్లయింట్లను వదిలేసుకున్నాక మిగతా 80 గంటలకు డబ్బెవరిస్తారు? అందుకే తను ఇలా అడగాలి: "నా సమయమంతా మీకే కావాలంటే, పని ఉన్నా లేకపోయినా నెలకు 80 గంటల డబ్బు నెల మొదట్లోనే ఇవ్వండి." చాలా ఏజెన్సీలు ఇక్కడ వెనక్కి తగ్గుతాయి.

తగ్గినా బేరం చెడినట్టు కాదు. తమ క్లయింటును నేరుగా పట్టుకుపోతుందేమోనన్నదే సాధారణంగా వాళ్ల అసలు భయం. దానికి తనని మొత్తంగా కట్టేయక్కర్లేదు. ఏజెన్సీ ద్వారా పరిచయమైన క్లయింట్ల పేర్లు జాబితాగా రాసుకుని, ఒప్పందం ముగిశాక 12 నెలల వరకు వాళ్ల దగ్గర నేరుగా పని తీసుకోనని రాసిస్తే సరిపోతుంది. బయటి క్లయింట్లు తనకే ఉంటారు.

పేరు లేకుండా చేసే పని, అంటే వైట్ లేబుల్, ఇప్పుడు ఫ్యాషనైపోయింది. క్లయింట్లను వెతుక్కునే బాధ తప్పుతుందన్నది నిజమే. కానీ అదే పూర్తికాల మార్గమంటే నాకు అనుమానమే. రెండేళ్లు అలా చేశాక కొత్తవాళ్లు "ఏం చేశారో చూపించండి" అంటే చేతిలో ఏమీ ఉండదు. అందుకే బహిరంగంగా పెట్టకపోయినా, సైట్ విడుదలయ్యాక పాస్‌వర్డ్ ఉన్న పేజీలో విడిగా చూపించే అనుమతి అడగాలి. అదీ కుదరదంటే రేటు పెంచాలి. నేనైతే 20 శాతానికి తగ్గొద్దంటాను. వారంలో ఒక రోజైనా సొంత పేరుతో చేసే పనికి ఉంచుకోవాలి.

ఒప్పందంలో "క్లయింట్ చెల్లించాకే మీకు చెల్లిస్తాం" అన్న మాట ఉంటే తీయించండి. క్లయింట్ ఎగ్గొడితే ఆ నష్టం ఏజెన్సీది కావాలి, మీ అమ్మాయిది కాదు. దాని బదులు, బిల్లు ఇచ్చిన 15 రోజుల్లో చెల్లించాలని, పూర్తి డబ్బు అందాకే డిజైన్ హక్కులు ఏజెన్సీకి వెళ్తాయని రాయించుకోవాలి. ఈ బేరమంతా ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో జరగాలి, అదీ తనే చేయాలి. మీరు మధ్యలోకి వెళ్లకండి.